సప్లిమెంటు సీసాపై బొమ్మలు, లేబుల్ అమరిక: ఆరోగ్య వాగ్దానం ధ్వనించకుండా రూపొందించే విధానం

సప్లిమెంటు సీసా మీద ఫలానా జబ్బును తగ్గిస్తుందని రాయకూడదన్న సంగతి ఈ రంగంలో పనిచేసే వారందరికీ తెలుసు. అదే సీసా మీద ఎర్రటి గుండె గుర్తును, దాని గుండా సాగే ఈసీజీ గీతను వేస్తే, రాయకూడదన్న మాటనే చెప్పినట్టవుతుందన్న సంగతి మాత్రం డిజైను పూర్తయి ముద్రణకు వెళ్లే వేళ వరకూ ఎవరికీ తట్టదు. వాక్యాలను న్యాయ సలహాదారు ఒక్కొక్కటిగా పరిశీలిస్తారు, బొమ్మను మాత్రం అలంకారంగా భావించి వదిలేస్తారు. చాలా లేబుళ్లు చిక్కుల్లో పడేది ఇక్కడే.

చట్టాలు బొమ్మను అలంకారంగా చూడవు. ఐరోపా సమాఖ్య 2006లో తెచ్చిన 1924 నంబరు నిబంధన, ఆహార ఉత్పత్తికి ప్రత్యేక గుణం ఉన్నట్టు చెప్పే, సూచించే లేదా ధ్వనింపజేసే సందేశాన్ని వాగ్దానంగా నిర్వచిస్తూ, చిత్రాలను, రేఖారూపాలను, గుర్తులను కూడా ఆ నిర్వచనంలోనే చేర్చింది. అమెరికాలో ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2000లో ఖరారు చేసిన నియమం సప్లిమెంట్ల మీద వ్యాధిని ప్రస్తావించే వాగ్దానాలు ఏయే రూపాల్లో ఉండవచ్చో వివరిస్తూ చిత్రాలను, గుర్తులను విడిగా పేర్కొంది. భారతదేశంలో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ నియమాల ప్రకారం ఇటువంటి ఉత్పత్తుల మీద ఇది ఔషధ వినియోగానికి కాదన్న ప్రకటన స్పష్టంగా కనిపించాలి. ఆ ప్రకటన పక్కనే స్టెతస్కోపు బొమ్మ వేస్తే, ఒకే లేబుల్ మీద రెండు విరుద్ధమైన మాటలు పలికినట్టవుతుంది.

పద్ధతిని వివరించడానికి ఒకే ఉదాహరణను చివరివరకూ వెంట తీసుకువెళ్దాం. అరవై క్యాప్సూల్స్ ఉన్న మెగ్నీషియం బిస్‌గ్లైసినేట్ సీసా ఉందనుకుందాం. సీసా వ్యాసం 60 మిల్లీమీటర్లు, లేబుల్ అంటించడానికి వీలైన తిన్నని గోడ ఎత్తు 80 మిల్లీమీటర్లు. రోజుకు రెండు క్యాప్సూల్స్ మోతాదు, ఒక్కొక్క దానిలో 100 మిల్లీగ్రాముల మెగ్నీషియం. ఈ లేబుల్ మీద ఎటువంటి ఆరోగ్య వాగ్దానమూ చేయకూడదని తయారీదారు నిర్ణయించుకున్నాడు.

మొదటి అడుగు: బొమ్మకు ముందు అంకెలను తేల్చుకోవడం

డిజైనరు చేతికి అన్నిటికంటే ముందు రావలసింది ఖరారైన పోషక పట్టిక. ముందువైపు ఏ అంకెను పెద్దగా చూపాలన్నది అక్కడి నుంచే తేలుతుంది, ఆ అంకె కూడా బొమ్మ లాగే మాటలు లేకుండా అర్థాన్ని మోస్తుంది. మెగ్నీషియం బిస్‌గ్లైసినేట్ బరువులో అసలు మెగ్నీషియం సుమారు 14 శాతమే ఉంటుంది. అంటే 100 మిల్లీగ్రాముల మెగ్నీషియం అందాలంటే దాదాపు 710 మిల్లీగ్రాముల లవణాన్ని క్యాప్సూల్‌లో నింపాలి. ముందువైపు ‘710 మి.గ్రా.’ అని పెద్ద అక్షరాల్లో వేస్తే అది అబద్ధం కాదు, కానీ పక్కనే ఉన్న మరో సీసాతో పోల్చిచూసే కొనుగోలుదారు దానిని మెగ్నీషియం పరిమాణంగానే చదువుతాడు. ‘200 మి.గ్రా.’ అని వేసి, అది రెండు క్యాప్సూల్స్‌కు కలిపి చెప్పిన అంకె అన్న మాటను వెనకవైపు దాచినా ఫలితం ఇంతే.

కాబట్టి ముందువైపు ‘మెగ్నీషియం 200 మి.గ్రా.’ అన్న పంక్తి, దాని కిందనే, కనీసం సగం పరిమాణంలో ‘రెండు క్యాప్సూల్స్‌లో’ అన్న పంక్తి ఉండాలి. పట్టికలోని శాతం అమ్మే చోటును బట్టి మారుతుంది. ఐరోపా సమాఖ్యలో మెగ్నీషియానికి ప్రామాణిక దైనిక విలువ 375 మిల్లీగ్రాములు కనుక 200 మిల్లీగ్రాములు 53 శాతం అవుతుంది, అమెరికాలో ఆ విలువ 420 మిల్లీగ్రాములు కనుక 48 శాతం అవుతుంది. రెండు చోట్లా ఒకే లేబుల్‌తో సరిపెట్టవచ్చన్న ఆలోచన ఇక్కడే ఆగిపోతుంది.

రెండో అడుగు: బొమ్మలను జల్లెడ పట్టడం

మెగ్నీషియం అనగానే డిజైనర్లు తెచ్చే బొమ్మలు దాదాపు అన్నిచోట్లా ఒక్కటే: నెలవంక, నిద్రపోతున్న ముఖం, బిగుసుకున్న కండరం, వెలుగుతున్న మెదడు, నడుము పట్టుకున్న మనిషి. వీటిని ‘బాగుంది’, ‘బాగాలేదు’ అన్న ప్రమాణంతో కాక ఒకే ఒక్క ప్రశ్నతో పరీక్షించాలి. మాటలన్నీ తీసేసి బొమ్మను మాత్రమే చూపించి ‘ఇది దేనికోసం వాడేది?’ అని అడిగితే చూసేవారు ఏమంటారు?

నెలవంకను చూపితే ‘నిద్రకు’ అంటారు. ఐరోపా సమాఖ్య 2012లో అనుమతించిన వాగ్దానాల జాబితాలో మెగ్నీషియానికి అలసట తగ్గడం, కండరాల సాధారణ పనితీరు వంటివి ఉన్నాయి గానీ నిద్ర లేదు. అంటే వాక్యంగా రాస్తే అనుమతి లేని మాటను నెలవంక చెబుతోంది. నడుము పట్టుకున్న మనిషి బొమ్మ ఇంకా ప్రమాదకరం, ఎందుకంటే నొప్పి అనే బాధను చూపి దానికి మందుగా సీసాను నిలబెడుతుంది. ఈసీజీ గీత, ఎర్రబడిన కీలు, ముందూ తరువాతా చూపే జంట చిత్రాలు ఈ కోవలోవే, వీటి విషయంలో బేరమాడవలసిన అవసరం లేదు.

వెలుగుతున్న మెదడు, కండరం వంటి అవయవ చిత్రాలు కొంత సూక్ష్మమైన వ్యవహారం. ఆరోగ్యంగా ఉన్న అవయవాన్ని చూపినంత మాత్రాన ప్రతిచోటా అది వ్యాధిని ప్రస్తావించినట్టు కాకపోవచ్చు, అయినా ఆ ఉత్పత్తి ఆ అవయవానికి మేలు చేస్తుందన్న సూచన మాత్రం తప్పక ఉంటుంది. వాగ్దానమే వద్దనుకున్న లేబుల్ మీద దానికి చోటు లేదు. అమెరికాలో శరీర నిర్మాణం, పనితీరు గురించిన వాగ్దానాలకు, ఈ మాటను ఎఫ్‌డీఏ పరిశీలించలేదని చెబుతూ తప్పనిసరిగా జోడించే ప్రకటన ఇటువంటి బొమ్మను కాపాడుతుందని కొందరు నమ్ముతారు. ఆ ప్రకటన అనుమతించిన వాగ్దానానికి తోడుగా ఉండేదే తప్ప, వ్యాధిని సూచించే చిత్రాన్ని చట్టబద్ధం చేసేది కాదు.

ఏ అవయవమూ లేకుండానే వైద్యాన్ని ధ్వనించే గుర్తులు ఇంకో గుంపు. తెల్ల కోటు, స్టెతస్కోపు, పాము చుట్టుకున్న కర్ర, మందుల చీటీ గుర్తు, డాలు, శిలువ ఆకారం ఇందులోకి వస్తాయి. తెల్లని నేపథ్యం మీద ఎర్ర శిలువను వాడడం మరో కారణంగా కూడా కుదరదు: అది 1949 నాటి జెనీవా ఒప్పందాల కింద రక్షణ పొందిన చిహ్నం. రంగు మార్చి ఆకుపచ్చ శిలువ వేసినా చాలా దేశాల్లో అది మందుల దుకాణం గుర్తుగానే చదువబడుతుంది. డాలు బొమ్మ అమాయకంగా కనిపిస్తుంది, నిజానికి అన్నిటికంటే మొండిది అదే. దేని నుంచి రక్షణ అన్న ప్రశ్నకు ‘జబ్బు నుంచి’ అన్నది తప్ప మరో జవాబు ఉండదు.

ఇవన్నీ పోయాక ఏం మిగులుతుంది? ఉత్పత్తి తానుగా ఏమిటో చూపే బొమ్మ మిగులుతుంది. క్యాప్సూల్‌నే చూపవచ్చు. మన ఉదాహరణలో ఇంత పొడి పట్టే డబుల్ జీరో పరిమాణపు క్యాప్సూల్ పొడవు సుమారు 23 మిల్లీమీటర్లు, కాబట్టి దానిని అసలు పరిమాణంలోనే ముందువైపు ముద్రించవచ్చు. మింగబోయే వస్తువు ఎంత ఉంటుందో సీసా తెరవకుండానే తెలియడం కొనేవారికి నిజంగా పనికొచ్చే సమాచారం, పైగా అది ఏ వాగ్దానమూ చేయదు. ఈ బొమ్మ రంగు, అతుకు, లోపలి పొడి ఛాయ అసలు క్యాప్సూల్‌తో సరిపోవాలి. పెద్దది చేసి చూపితే ఆ మాట పక్కనే రాయాలి. క్యాప్సూల్స్‌ను గుండె ఆకారంలోనో, పైకి లేచే బాణంలాగో పేర్చకూడదు, ఎందుకంటే అమరిక కూడా గుర్తే.

ఆకులు, పూలు, నీటి చుక్కల విషయంలోనూ ఇదే నిజాయితీ కావాలి. ఖనిజ లవణం ఉన్న సీసా మీద పచ్చని ఆకులు వేస్తే అది మొక్కల నుంచి తీసినదన్న భావన కలుగుతుంది. అది ఆరోగ్య వాగ్దానం కాకపోయినా పదార్థం గురించిన తప్పుడు సూచనే. సాదా రంగు పట్టీ, జ్యామితీయ నమూనా, మూలకం పేరును పెద్దగా చూపే చక్కని అక్షరాలు చాలు. నా అభిప్రాయంలో మెగ్నీషియం వంటి ఒకే పదార్థం ఉన్న ఉత్పత్తికి బొమ్మ అసలు అవసరమే లేదు. క్యాప్సూల్ చిత్రం ఒక సౌకర్యం మాత్రమే.

మూడో అడుగు: సీసా వంపును కొలవడం

లేబుల్‌ను తెర మీద చదునుగా చూస్తూ అమర్చినవారు సీసాకు చుట్టగానే ఆశ్చర్యపోతారు. మన సీసా చుట్టుకొలత 188.5 మిల్లీమీటర్లు. అతుకు దగ్గర 5 మిల్లీమీటర్లు ఒకదానిపై ఒకటి వచ్చేలా లేబుల్ వెడల్పును 193 మిల్లీమీటర్లకు దగ్గరగా తీసుకోవాలి, అంచుల బయట 2 మిల్లీమీటర్లు అదనపు రంగు వదలాలి. అంచు లోపల 3 మిల్లీమీటర్ల వరకూ ఏ అక్షరమూ రాకూడదు.

అమెరికా నియమం గుండ్రని డబ్బాకు ముందు ప్యానెల్ విస్తీర్ణాన్ని, ఎత్తును చుట్టుకొలతతో గుణించి, అందులో 40 శాతంగా లెక్కగడుతుంది. ఇక్కడ చుట్టుకొలతలో 40 శాతం అంటే దాదాపు 75 మిల్లీమీటర్లు. ఆ 75 మిల్లీమీటర్లనూ అక్షరాలతో నింపవచ్చని అనుకోకూడదు. సీసా మధ్యగీత నుంచి 20 మిల్లీమీటర్లు పక్కకు జరిగితే అక్షరం ఎదుటివారికి తన వెడల్పులో 79 శాతంగా కనిపిస్తుంది, 30 మిల్లీమీటర్ల దగ్గర 54 శాతానికి, ప్యానెల్ అంచున మూడో వంతుకు కుంచించుకుపోతుంది. ఉత్పత్తి పేరు, పరిమాణం, ఆహార సప్లిమెంటు అన్న గుర్తింపు మాట, ఈ మూడూ మధ్యలోని 45 మిల్లీమీటర్లలో ఇమిడితే సీసాను తిప్పకుండా చదవవచ్చు. మిగిలిన అంచులను ఖాళీ రంగుకు వదిలేయాలి. చక్కగా ఉన్న లేబుళ్లలో మనకు నచ్చే ఆ ప్రశాంతత చాలావరకు ఈ ఖాళీ నుంచి వచ్చేదే.

ఇక్కడ ఒక చిన్న ప్రమాదం ఉంది. ‘మెగ్నీషియం’ అన్న మాట మధ్యలో స్పష్టంగా కనిపిస్తూ, ‘ఆహార సప్లిమెంటు’ అన్న మాట వంపు వెనక్కి జారిపోతే, ముందు నుంచి చూసేవారికి అది మందు సీసాలాగే ఉంటుంది. గుర్తింపు మాటను పేరుకు నేరుగా కిందనే, అదే ఎడమ అంచుకు కట్టి ఉంచాలి.

నాలుగో అడుగు: మూడు భాగాలుగా విభజించడం

ముందు ప్యానెల్‌కు 75, దాని కుడివైపు సమాచార ప్యానెల్‌కు 60, ఎడమవైపు మిగిలిన 53 మిల్లీమీటర్లు కేటాయించాలి. కుడివైపునే సమాచారం పెట్టడం అలవాటు మాత్రమే కాదు. అమెరికా నియమం సమాచార ప్యానెల్‌ను ముందు ప్యానెల్‌కు వెంటనే కుడివైపున నిర్వచిస్తుంది. మూడింటినీ ఒకే ఆధారరేఖల మీద కట్టాలి: పట్టిక శీర్షిక, ఉత్పత్తి పేరు, వాడే విధానపు శీర్షిక ఒకే ఎత్తున మొదలైతే సీసాను తిప్పుతున్నప్పుడు కన్ను ఎగుడుదిగుడులు పడదు.

ముందు ప్యానెల్ అడుగున 30 శాతం, అంటే మన సీసాకు 24 మిల్లీమీటర్లు, నికర పరిమాణానికి చోటు. ప్యానెల్ విస్తీర్ణం దాదాపు 60 చదరపు సెంటీమీటర్లు, అంటే 9 చదరపు అంగుళాలకు కాస్త ఎక్కువ. 5 నుంచి 25 చదరపు అంగుళాల మధ్య ఉన్న ప్యానెల్‌కు ఆ అక్షరాల ఎత్తు కనీసం అంగుళంలో ఎనిమిదో వంతు, అంటే 3.2 మిల్లీమీటర్లు ఉండాలి. ‘60 క్యాప్సూల్స్’ అన్న పంక్తి అడుగుకు సమాంతరంగా, చుట్టూ ఖాళీతో నిలవాలి. క్యాప్సూల్ చిత్రం ఈ పట్టీలోకి చొరబడకూడదు.

ఎడమ ప్యానెల్‌లో పైభాగాన వాడే విధానం, సూచించిన మోతాదు మించవద్దన్న మాట, పిల్లలకు అందకుండా ఉంచాలన్న హెచ్చరిక వస్తాయి. కిందిభాగం బార్‌కోడ్‌ది. పదమూడు అంకెల బార్‌కోడ్ మామూలు కొలత 37 మిల్లీమీటర్లకు 26 మిల్లీమీటర్లు. దానిని సీసా చుట్టూ సాగేలా పడుకోబెడితే చివరి గీతలు వంపు వెనక్కి పోయి స్కానరుకు అందకపోవచ్చు. గీతలు నిచ్చెన మెట్లలా అడ్డంగా వచ్చేలా తిప్పి నిలబెడితే, స్కానరు చదవవలసిన దిశ సీసా నిలువు గోడ వెంట తిన్నగా ఉంటుంది, పైగా 26 మిల్లీమీటర్ల వెడల్పే ఖర్చవుతుంది. పక్కన మిగిలిన చోటును బ్యాచ్ నంబరుకూ గడువు తేదీకీ తెల్లగా, వార్నిష్ పూయకుండా వదలాలి. వార్నిష్ మీద ముద్రించిన తేదీ వేలితో రుద్దితే చెరిగిపోతుంది.

ఐదో అడుగు: పట్టికను పట్టికలాగే ఉంచడం

పోషక పట్టికను అందంగా చేయాలన్న ఉత్సాహాన్ని ఇక్కడ అదుపులో పెట్టాలి. వరుసల పక్కన చిన్న చిన్న ఐకాన్లు, శాతాన్ని చూపే నిండిన వృత్తాలు, మెరుపు గుర్తులు పట్టికలోకి వచ్చాయంటే, తీసేసిన వాగ్దానాలు దొడ్డిదారిన తిరిగివచ్చినట్టే. ముఖ్యంగా శక్తికి వాడే మెరుపు గుర్తు, ఎముక గుర్తు ఇక్కడే ఎక్కువగా కనిపిస్తాయి. తెల్లని నేపథ్యం మీద నల్లని అక్షరాలు, సన్నని గీతలు, అంకెలన్నీ కుడి అంచుకు కట్టి ఉండడం చాలు.

అక్షరాల పరిమాణానికి ఐరోపా సమాఖ్య రోమన్ లిపిలోని చిన్న x అక్షరం ఎత్తును కనీసం 1.2 మిల్లీమీటర్లుగా నిర్దేశించింది. సాధారణ రోమన్ ఫాంట్లలో అది దాదాపు 7 పాయింట్లకు సమానం. అతిపెద్ద తలం 80 చదరపు సెంటీమీటర్లకు తక్కువైతే 0.9 మిల్లీమీటర్ల వరకూ తగ్గించవచ్చు, కానీ చోటు ఉన్నప్పుడు ఆ సడలింపును వాడుకోవడం నాకు సబబుగా తోచదు. తెలుగు అక్షరాలను కూడా వేసేటట్టయితే రోమన్ అక్షరాల లెక్క పనికిరాదు. పైన గుణింతపు గుర్తు, కింద ఒత్తు ఉంటాయి కనుక అదే పాయింటు పరిమాణంలో అక్షరం ఒళ్లు చిన్నదవుతుంది. పరిమాణం ఒకటి రెండు పాయింట్లు పెంచి, పంక్తుల మధ్య దూరాన్ని అక్షర పరిమాణానికి 140 శాతం దగ్గర ఉంచితే ఒత్తులు కింది పంక్తి గుణింతాలను తాకవు.

ఆరో అడుగు: చుట్టి, మూసి పరీక్షించడం

లేబుల్‌ను అసలు పరిమాణంలో ముద్రించి, నిజమైన సీసాకు చుట్టి, చేయి చాచినంత దూరంలో పెట్టి చదవాలి. తరువాత అసలు పరీక్ష. ఉత్పత్తి పేరునూ మాటలన్నిటినీ తీసేసిన రెండో ప్రతిని ముద్రించి, ఈ పనితో సంబంధం లేని నలుగురైదుగురికి విడివిడిగా చూపి ‘ఇది దేనికి వాడతారనుకుంటున్నారు?’ అని మాత్రమే అడగాలి. ‘తెలియదు, ఏవో క్యాప్సూల్స్’ అన్న జవాబు వస్తే డిజైను నెగ్గినట్టు. ఎవరైనా అవయవం పేరో, జబ్బు పేరో, ‘నిద్ర మాత్రలా?’ అన్న మాటో చెబితే ఏ అంశం అలా అనిపించిందో అడిగి తెలుసుకోవాలి.

ఈ పరీక్షలో బొమ్మలన్నీ తొలగించాక కూడా దొరికేది రంగు. మన మెగ్నీషియం సీసాకు ముదురు నీలం నేపథ్యం, దాని మీద చెదురుమదురు తెల్లచుక్కల నమూనా ఎంచుకున్నారనుకుందాం. నెలవంక లేకపోయినా అది రాత్రి ఆకాశమే, జవాబు మళ్లీ ‘నిద్రకు’ అనే వస్తుంది. చుక్కలను తీసేసి సమాన దూరంలో సన్నని గీతలు వేసినా, నీలాన్ని బూడిద ఛాయకు మార్చినా ఆ ధ్వని పోతుంది. రంగుకు తానుగా ఏ వాగ్దానమూ లేదు, నమూనాతో కలిసినప్పుడే మాట్లాడుతుంది కనుక రెంటినీ కలిపే పరీక్షించాలి.

బ్లిస్టరు పట్టీలు, అమ్మకపు చిత్రాలు

అదే ఉత్పత్తిని బ్లిస్టరు పట్టీలో ఇస్తే పని కొంత కష్టమవుతుంది, ఎందుకంటే వెండి రంగు రేకు, వరుసగా అమర్చిన గుంటలు మందు రూపాన్నే గుర్తుచేస్తాయి. రేకు వెనకవైపు ప్రతి గుంట మీదా ఉత్పత్తి పేరుతో పాటు ‘ఆహార సప్లిమెంటు’ అన్న మాట కూడా తిరిగి తిరిగి వచ్చేలా ముద్రించాలి. పట్టీని ముక్కలుగా చింపినా గుర్తింపు మిగలాలి. ఉదయం, రాత్రి అని సూచించే సూర్యచంద్రుల గుర్తులు ఇక్కడ సహజంగా తోస్తాయి. మోతాదు నిజంగా అలా విభజించి ఉంటే ఆ మాటలనే అక్షరాల్లో రాయడం మేలు, చంద్రుడి బొమ్మ మళ్లీ నిద్ర దగ్గరికే తీసుకుపోతుంది.

అమ్మకానికి పెట్టే ఫోటోలకు కూడా ఇదే కొలబద్ద వర్తిస్తుంది. ఐరోపా నిబంధన లేబుల్‌కే పరిమితం కాక వాణిజ్య ప్రకటనలన్నిటికీ వర్తిస్తుంది. లేబుల్‌ను ఎంత శుభ్రంగా ఉంచినా, ఫోటోలో సీసా పక్కన రక్తపోటు కొలిచే పరికరమో, చక్కగా పరిచిన పడకో ఉంటే వాగ్దానం అక్కడ చేసినట్టే. సీసా, మూత పక్కన అసలు సంఖ్యలో మోతాదు క్యాప్సూల్స్ రెండు, కింద సాదా తలం ఉంటే సరిపోతుంది. ఫోటోలోని లేబుల్ ప్రస్తుతం ముద్రణలో ఉన్నదే అయి ఉండాలి. క్యాప్సూల్ రంగు గానీ మోతాదు గానీ మారిన రోజున లేబుల్ మీది క్యాప్సూల్ చిత్రం, ముందువైపు అంకె, అమ్మకపు ఫోటో మూడింటినీ కలిపే మార్చాలి.